అప్‌డేట్ తర్వాత కీబోర్డ్ ఎందుకు నసుగుతుంది?
(సిబ్బంది కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడబోయేది చాలా చిన్న ఇబ్బంది గురించి. ఫోన్ ఏదో అప్‌డేట్ అడుగుతుంది, మనం సరే అంటాం. మర్నాటి నుంచి కీబోర్డ్ మీద అక్షరం నొక్కితే వెంటనే పడదు. పడలేదనుకుని మళ్లీ నొక్కుతాం. అప్పుడు రెండూ కలిసి పడతాయి. వాట్సాప్‌లో అలా జరిగితే నవ్వుకుని ఊరుకుంటాం. కానీ డబ్బు పంపే చోట రెండు వేలు రాయబోతే సున్నా రెండుసార్లు పడి ఇరవై వేలవుతుంది. అందుకే బ్యాంకు కుటుంబాల ముందు దీని గురించి కాస్త తీరిగ్గా చెప్పాలనిపించింది.

నేను ఆండ్రాయిడ్ ఫోన్ల గురించే చెబుతాను. వాటిలో చాలా వాటికి జీబోర్డ్ అనే కీబోర్డ్ ఉంటుంది కాబట్టి మెనూ పేర్లు దానివే ఇస్తాను. ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఆ పేర్లు కొద్దిగా అటూ ఇటూగా ఉంటాయి, పని మాత్రం ఒకటే.

ముందు ఆలస్యం ఎక్కడుందో తేల్చుకోవాలి. డాక్టరు మందు రాసే ముందు నొప్పి ఎక్కడని అడిగినట్టు, మనం ఫోన్‌ని మూడు ప్రశ్నలు అడగాలి.

మొదటి ప్రశ్న: ఒక్క యాప్‌లోనే ఆలస్యమా, అన్నిటిలోనూనా? ఏళ్ల తరబడి నడుస్తున్న వాట్సాప్ గ్రూపులో మాత్రమే నసుగుతూ, ఎస్సెమ్మెస్ రాసేటప్పుడు బాగానే ఉంటే తప్పు కీబోర్డ్‌ది కాదు. ఆ యాప్‌ని చూసుకోవాలి.

రెండో ప్రశ్న: కీబోర్డ్ పైకి రావడమే ఆలస్యమా, వచ్చాక ప్రతి అక్షరమూ ఆలస్యమా? పైకి రావడానికి రెండు మూడు సెకన్లు తీసుకుని, వచ్చాక చకచకా పడుతుంటే ఫోన్‌లో ర్యామ్ చాలడం లేదన్న మాట. మీరు వేరే యాప్‌లోకి వెళ్లినప్పుడల్లా ఫోన్ కీబోర్డ్‌ని పక్కకు నెట్టేసి, మళ్లీ మొదటి నుంచి తెచ్చుకుంటోంది. అలా కాకుండా ప్రతి అక్షరమూ ఆగి ఆగి పడుతుంటే కీబోర్డ్ ప్రతి నొక్కుకీ ఎక్కువ పని చేస్తోందని అర్థం.

మూడో ప్రశ్న మనకు బాగా పనికొచ్చేది. యూపీఐ పిన్ వేసే తెర మీద కనబడే అంకెల పలక మీ ఫోన్ కీబోర్డ్ కాదు. అది ఎన్‌పీసీఐ ఇచ్చిన భాగం, ఏ యూపీఐ యాప్ వాడినా అదే వస్తుంది. కాబట్టి ఈసారి డబ్బు పంపేటప్పుడు గమనించండి. పిన్ పలక మీద అంకెలు వెంటనే పడుతూ, మిగతా చోట్ల మాత్రం ఆలస్యమైతే జబ్బు కీబోర్డ్‌కే. పిన్ పలక కూడా నసిగితే జబ్బు ఫోన్ మొత్తానిది. అప్పుడు కీబోర్డ్‌ని ఎంత సవరించినా ఫలితం అంతంత మాత్రమే.

తెలుగు రాసేవాళ్లకి ఇంకో మాట. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం కంప్యూటర్ లెక్కలో ఆరు ముక్కలు: స, దాని కింద పొల్లు, త, మళ్లీ పొల్లు, ర, చివర దీర్ఘపు గుడి. చెరిపే మీట ఒక్కసారి నొక్కితే చాలా చోట్ల ఒక్క ముక్కే పోతుంది. అందుకని ‘స్త్రీ’ చెరపడానికి ఐదారు నొక్కులు పడితే అది ఆలస్యం కాదు, ఆ లిపికి ఉన్న తీరే అంత.

ఇప్పుడు అప్‌డేట్ తర్వాతే ఎందుకు వస్తుందో చూద్దాం. ఫోన్ మనం వాడే తీరుని గమనించి, తరచూ వాడే భాగాలను ముందే సిద్ధం చేసి పెట్టుకుంటుంది. యాప్ కొత్తదైతే ఆ సిద్ధం చేసిన సరుకు చెల్లదు, మళ్లీ తయారు చేసుకోవాలి. ఈ పని ఎక్కువగా ఫోన్ చార్జింగ్‌లో ఉండి, ఎవరూ ముట్టుకోనప్పుడు జరుగుతుంది. రాత్రంతా చార్జింగ్‌లో పెట్టకుండా పగలు అరగంట అరగంట చొప్పున పెట్టేవారి ఫోన్‌లో ఆ పని వెనకబడిపోతుంది. కాబట్టి మొదటి మందు ఓపిక. ఒకసారి ఫోన్ ఆపి మళ్లీ వెలిగించండి. ఒకటి రెండు రాత్రులు చార్జింగ్‌లో పెట్టి కదపకుండా వదిలేయండి. చాలా ఫోన్లు ఇక్కడే కుదుటపడతాయి.

రెండు రోజులైనా తగ్గకపోతే అప్పుడు చేయి వేయాలి. ఏ వరుసలో చేయాలో, దేనివల్ల ఎంత వస్తుందో చెప్పడానికి ఒక ఫోన్ కథ చెబుతాను. మా అపార్ట్‌మెంట్‌లో పదవీ విరమణ చేసిన మా పాత హెడ్ క్యాషియర్ గారుంటారు. వారి భార్యను మేమంతా పిన్నిగారంటాం. ఆవిడ ఫోన్‌లో ర్యామ్ 3 జీబీ, స్టోరేజ్ 32 జీబీ. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మారే పద్ధతిలో కూతురికి రోజూ పెద్ద పెద్ద సందేశాలు రాస్తారు. “అబ్బాయ్, నొక్కితే రాదు, వస్తే రెండేసి వస్తున్నాయి” అన్నారు.

ముందు కొలత పెట్టుకున్నాం. ‘రేపు ఉదయం ఆధార్ కార్డు తీసుకుని బ్రాంచికి రండి’ అన్న వాక్యం పిన్నిగారు రాస్తుంటే నేను గడియారం చూశాను. 48 సెకన్లు పట్టింది. ఫోన్ ఆపి వెలిగించాక 45. రెండు రాత్రులు చార్జింగ్ అప్పటికే అయింది కనుక ఆపైన ఆశ లేదు. పిన్ పలక బాగానే ఉంది, కీబోర్డ్ పైకి రావడమూ పరవాలేదు. ప్రతి అక్షరమే ఆలస్యం.

తర్వాత స్టోరేజ్ చూశాం. Settings లోకి వెళ్లి Storage నొక్కితే ఎంత నిండిందో కనబడుతుంది. 32 జీబీలో మిగిలింది ఒక్క జీబీ కూడా కాదు. కీబోర్డ్ మీరు రాసే పదాలను నేర్చుకుంటూ, ఎప్పటికప్పుడు చిన్న చిన్న ముక్కలుగా ఫోన్‌లో రాసుకుంటూ ఉంటుంది. స్టోరేజ్ కిక్కిరిసి ఉంటే ఆ రాత నెమ్మదిస్తుంది. ఒక కాగితం పెట్టాలంటే బీరువాలో పది ఫైళ్లు జరపాల్సి వచ్చినట్టే. అప్‌డేట్ వచ్చినప్పుడు అది కూడా కొంత చోటు తింటుంది. అంతకుముందు ఇరుగ్గా నెట్టుకొస్తున్న ఫోన్ ఆ రోజుతో చేతులెత్తేస్తుంది. మొత్తంలో పదో వంతుకు తగ్గకుండా ఖాళీ ఉంచడం నేను పాటించే లెక్క, అంటే 32 జీబీ ఫోన్‌లో మూడు జీబీలకు పైగా.

ఆ చోటు ఎక్కడ దొరుకుతుంది? మన ఇళ్లలో సాధారణంగా వాట్సాప్‌లోనే. వాట్సాప్ Settings లో Storage and data, అందులో Manage storage నొక్కండి. పెద్ద ఫైళ్లు వేరుగా, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి వేరుగా చూపిస్తుంది. పిన్నిగారి ఫోన్‌లో శుభోదయం వీడియోలే రెండు జీబీలకు పైన ఉన్నాయి. చెరిపే ముందు ఒకటొకటి చూసి, మనవడి ఫొటోలు పక్కన పెట్టి, మిగతావి తీసేశాం. ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఒకటుంది. ఫొటోల యాప్‌లో చెరిపినవి వెంటనే పోవు, నెల రెండు నెలలు బిన్‌లో కూర్చుంటాయి. బిన్ ఖాళీ చేసే వరకూ చోటు ఖాళీ కాదు. అదీ చేశాక నాలుగు జీబీలు మిగిలాయి. మళ్లీ అదే వాక్యం రాయించాను. 31 సెకన్లు. అన్నిటికన్నా పెద్ద మార్పు ఇక్కడే వచ్చింది.

ఇక క్యాష్. మన క్యాష్ కాదు, ఉచ్చారణ ఒకటే అయినా ఇది వేరు. కౌంటర్‌లో కూర్చున్నవారు మాటిమాటికీ స్ట్రాంగ్ రూమ్‌కి వెళ్లకుండా, ఆ రోజుకు కావలసినవి సొరుగులో పెట్టుకుంటారు కదా. యాప్ కూడా తరచూ కావలసిన సరుకును అలా దగ్గర పెట్టుకుంటుంది. ఆ సొరుగే క్యాష్. అప్‌డేట్ తర్వాత పాత సరుకు అందులో మిగిలిపోయి కొత్త పద్ధతికి సరిపోకపోతే తడబాటు వస్తుంది. సొరుగు ఖాళీ చేస్తే ఏ నష్టమూ లేదు, కావలసినవి మళ్లీ తెచ్చుకుంటుంది.

చేసే తీరు ఇది. Settings, అందులో Apps, అందులో Gboard, అందులో Storage & cache. అక్కడ రెండు మీటలు ఉంటాయి. ఒకటి Clear cache, రెండోది Clear storage. కొన్ని ఫోన్లలో రెండోదాని పేరు Clear data. మీరు నొక్కాల్సింది Clear cache మాత్రమే.

రెండో మీట నొక్కితే సొరుగే కాదు, లెడ్జర్లూ పోతాయి. మీరు ఏళ్లుగా రాస్తూ కీబోర్డ్‌కి నేర్పిన పేర్లు, ఊళ్లు, ఇంటిపేర్లు, మీరు పెట్టుకున్న అమరికలు అన్నీ చెరిగిపోతాయి. తెలుగు కీబోర్డ్‌ని కూడా మళ్లీ ఎంచుకోవాల్సి రావచ్చు. మీ ఫొటోలకీ, సందేశాలకీ ఏమీ కాదు. కీబోర్డ్ మాత్రం కొత్తగా చేరిన ఉద్యోగిలా మొదటి నుంచి మొదలుపెడుతుంది. అన్నీ చేశాక కూడా తగ్గకపోతే ఇది చివరి మందు. వేసుకునే ముందు మీరు సొంతంగా చేర్చిన పదాలేమైనా ఉంటే కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇంకో జాగ్రత్త. ఆ జాబితాలో పైనా కిందా మీ బ్యాంకు యాప్, యూపీఐ యాప్, వాట్సాప్ కూడా ఉంటాయి. వాటికి పొరపాటున Clear storage నొక్కకండి. బ్యాంకు యాప్ అయితే సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ పంపి మళ్లీ నమోదు చేసుకోవాలి. వాట్సాప్ అయితే నంబరు మళ్లీ ధ్రువీకరించుకోవాలి, బ్యాకప్ లేని సంభాషణలు పోవచ్చు. మీట నొక్కే ముందు తెర పైన ఉన్న పేరు Gboard అవునో కాదో చూసుకోండి.

పిన్నిగారి ఫోన్‌లో కీబోర్డ్ క్యాష్ 40 ఎంబీ దాకా ఉంది. తుడిచాం. వాక్యం 30 సెకన్లలో అయింది. అంటే లాభం ఒక్క సెకను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, క్యాష్ తుడవడం సర్వరోగ నివారిణి అని అందరూ చెబుతారు. తడబాటు పాత సరుకు వల్ల వచ్చినప్పుడు అది బాగా పనిచేస్తుంది. చోటు చాలక వచ్చిన జబ్బుకి 40 ఎంబీ ఏ మూలకి? ఒక్క పెళ్లి వీడియో అంతకన్నా పెద్దది. రోజూ క్యాష్ తుడవడం కూడా మంచిది కాదు. సొరుగు రోజూ ఖాళీ చేస్తే రోజూ నింపుకోవాలి, ఆ కాసేపు ఇంకా నెమ్మదిస్తుంది.

చివరికి బరువైన సౌకర్యాల దగ్గరికి వచ్చాం. కీబోర్డ్‌లో ఒక అక్షరం పడేలోపు తెర వెనక చాలా జరుగుతుంది. ఇది ఏ పదం కావచ్చు, తర్వాతి పదం ఏమిటి, దీనికి ఏ బొమ్మ నప్పుతుంది, ఇది తెలుగా హిందీయా ఇంగ్లీషా అని ఆలోచిస్తుంది. కొత్త ఫోన్‌కి ఇదో లెక్క కాదు. 3 జీబీ ఫోన్‌కి ప్రతి నొక్కూ ఒక బరువే. అప్‌డేట్‌తో కొన్ని కొత్త సౌకర్యాలు మనం అడగకుండానే మొదలై ఉండవచ్చు కూడా.

కీబోర్డ్ మీద గేరు చక్రం బొమ్మ నొక్కితే దాని అమరికలు వస్తాయి. ముందుగా Languages చూడండి. పిన్నిగారికి అక్కడ ఐదు వరుసలున్నాయి: ఇంగ్లీషు, హిందీ, తెలుగు అక్షరాల పలక, వేలితో రాసే తెలుగు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు. ఆవిడ వాడేవి మొదటిదీ చివరిదీ. మిగతా మూడూ తీసేశాం. తర్వాత Glide typing, అంటే వేలు ఎత్తకుండా గీస్తూ రాసే పద్ధతి. ఆవిడ ఎన్నడూ వాడలేదు, ఆపేశాం. ఎమోజీలు, స్టిక్కర్లు రాస్తుండగానే సూచించే మీటలు ఆపేశాం. కీబోర్డ్ వెనక మనవడి ఫొటో ఉంది. అది తీసి సాదా రంగు పెడదామంటే మాత్రం ఒప్పుకోలేదు. సరే, అది ఉంచాం.

ఒక్కటి మాత్రం తెలుగు రాసేవాళ్లు ఆపకూడదు. పలక పైన పదాలు చూపించే పట్టీని ఆపితే వేగం పెరుగుతుందని కొందరు చెబుతారు. ఇంగ్లీషు రాసేవారికి అది నిజం కావచ్చు. కానీ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవారికి ‘kala’ కొడితే కల కావాలా, కళ కావాలా, కాల కావాలా అని ఎంచుకునేది ఆ పట్టీలోనే. అది పోతే పనే సాగదు.

ఒకేసారి అన్నీ ఆపేయకుండా ఒక్కొక్కటి ఆపి వాక్యం రాసి చూడండి. దేనివల్ల తేడా వచ్చిందో తెలిస్తే మిగతావి మళ్లీ పెట్టుకోవచ్చు. మాకు భాషలు తగ్గించడం వల్లే ఎక్కువ కలిసొచ్చింది. చివరి లెక్క 22 సెకన్లు. పిన్నిగారి వేళ్ల వేగమే అంత, ఇక కీబోర్డ్‌ని అనేదేమీ లేదు.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే? కీబోర్డ్ ఫోన్‌తో పాటే వచ్చినదైతే Apps లో దాని పేజీ పైన ఉన్న మూడు చుక్కల్లో Uninstall updates అని ఉంటుంది. అది కీబోర్డ్‌ని ఫోన్ కొన్ననాటి రూపానికి తీసుకెళ్తుంది. నేర్చుకున్న పదాలు ఇక్కడా పోవచ్చు. వేగం తిరిగొస్తే తప్పు కొత్త అప్‌డేట్‌దేనని రుజువు. కానీ అక్కడే ఉండిపోవద్దు. అప్‌డేట్లలో భద్రతకు సంబంధించిన మరమ్మతులు కూడా ఉంటాయి. కొన్ని వారాలాగి తర్వాతి అప్‌డేట్ వేసి చూడండి.

విసిగిపోయి, ఎవరో లింకు పంపిన ‘సూపర్ ఫాస్ట్ కీబోర్డ్’ మాత్రం వేసుకోకండి. కొత్త కీబోర్డ్ పెట్టేటప్పుడు ఆండ్రాయిడ్ ఒక హెచ్చరిక చూపిస్తుంది: మీరు రాసేదంతా, పాస్‌వర్డ్లూ కార్డు నంబర్లూ సహా, ఈ కీబోర్డ్ సేకరించగలదని. మనం చదవకుండా సరే నొక్కే ఆ వాక్యం అక్షరాలా నిజం. ఏ కీబోర్డైనా మీ చేతికీ ఫోన్‌కీ మధ్య కూర్చుంటుంది. అక్కడ ఎవరిని కూర్చోబెడుతున్నామో చూసుకోవాలి.

దీనికి సంబంధించినదే ఇంకో తనిఖీ. Settings లో Accessibility అని ఉంటుంది. చూపు, వినికిడి సరిగా లేనివారికి సాయపడే యాప్‌ల కోసం పెట్టిన ద్వారం అది. ఆ అనుమతి ఉన్న యాప్ తెర మీది మార్పులన్నీ చూడగలదు. ప్రతి నొక్కునీ ఒక యాప్ చూస్తూ ఉంటే టైపింగ్ నెమ్మదించవచ్చు. మోసగాళ్లు పంపే యాప్‌లు అడిగేదీ తరచూ ఆ అనుమతే. అక్కడ దిగుమతి చేసుకున్న యాప్‌ల జాబితా చూడండి. మీరు ఎరగని పేరు ఆన్‌లో ఉంటే ఆపి, ఆ యాప్‌ని తీసేయండి. అంతటితో సరిపెట్టుకోకుండా వేరే ఫోన్ నుంచి మీ ఖాతా లావాదేవీలు చూసుకుని, పాస్‌వర్డూ యూపీఐ పిన్నూ మార్చుకోండి. తెలియని లావాదేవీ కనిపిస్తే వెంటనే బ్రాంచికి తెలిపి, 1930కి ఫోన్ చేయండి. అలాంటప్పుడు కీబోర్డ్ ఆలస్యం జబ్బు కాదు, జబ్బును పట్టించిన జ్వరం.

పిన్ పలక కూడా నసిగే పాత ఫోన్ల సంగతి వేరు. ర్యామ్ రెండు జీబీలే ఉండి, యాప్‌లు ఏటేటా బరువెక్కుతుంటే, అమరికలతో తెచ్చే వేగానికి ఒక హద్దు ఉంటుంది. వాడని యాప్‌లు తీసేసి, చోటు ఖాళీ చేసి, కొన్నాళ్లు నడపవచ్చు. ఆ పైన ఫోన్ మార్చడమే.

కీబోర్డ్ బాగుపడే వరకూ ఒక్క అలవాటు చేసుకోండి. మొత్తం రాసేటప్పుడు అంకె పడే దాకా ఆగి, రెండో అంకె నొక్కండి. పిన్ అడిగే తెర మీద పంపేవారి మొత్తమూ, అందుకునేవారి పేరూ కనబడతాయి. సున్నాలు అక్కడ ఇంకోసారి లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే పిన్ వేయండి.

సమావేశం అయ్యాక ఆ పక్క బల్ల దగ్గర ఉంటాను. ఫోన్లు పట్టుకు రండి, చార్జరు కూడా ఉంటే మంచిది. ముందు స్టోరేజ్ ఎంత మిగిలిందో చూసుకుని రండి, సగం పని అక్కడే అవుతుంది.